ఎనిమిదేళ్ల పాప ఒంటరి విమాన ప్రయాణం: నాన్‌స్టాప్ ఎందుకు, ఫీజు ఎంత, కాగితాలేమిటి

ప్రశ్న: నమస్కారమండీ. మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా తమ్ముడి ఇంట్లో ఉన్నారు. మా ఎనిమిదేళ్ల పాపను జులైలో మూడు వారాలు వాళ్ల దగ్గరికి పంపాలని ఉంది. నాకూ మావారికీ సెలవు దొరకదు. వెబ్‌సైట్‌లో పాపకు ఒక్కదానికే టికెట్ తీసుకోనివ్వడం లేదు. న్యూవార్క్ నుంచి నాన్‌స్టాప్ అయితే రానూపోనూ 290 డాలర్లు, షార్లెట్‌లో విమానం మారితే 210. ఎలాగూ ఎయిర్‌లైన్ వాళ్లే మనిషిని తోడు ఇస్తారట కదా, మారే విమానమైతే నష్టమేమిటి? ఆ ఫీజు ఎంత, ఏ కాగితాలు కావాలి? ఎయిర్‌పోర్టుకు మా నాన్నగారు వెళ్లి పాపను తెచ్చుకుంటానంటున్నారు. పర్వాలేదా?
— ఒక తల్లి

జవాబు: నాన్‌స్టాప్ తీసుకోండమ్మా, అందులోనూ పొద్దున బయల్దేరేది. 80 డాలర్ల తేడా చిన్నదేమీ కాదు. అయినా ఈ ప్రయాణంలో ఆదా చేయకూడని చోటు ఇదే. ఎందుకో చెప్పాలంటే, ఆ "తోడు" అనేది నిజానికి ఏమిటో ముందు తెలియాలి.

చాలామంది తల్లిదండ్రులు ఎయిర్‌లైన్ మనిషి ఒకరు పాప పక్క సీట్లో కూర్చుని డాలస్ దాకా వెళ్తారనుకుంటారు. అలా ఎవరూ వెళ్లరు. అన్‌అకంపనీడ్ మైనర్ అనే ఈ సేవలో మీరు డబ్బు కట్టేది పాపను ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి లెక్కగా అప్పగించడానికి. మీరు గేటు దగ్గర ఉద్యోగికి అప్పగిస్తారు. ఆయన విమానంలోని సిబ్బందికి అప్పగిస్తారు. దిగాక అక్కడి ఉద్యోగి పాపను బయటికి తీసుకొచ్చి, మీరు కాగితం మీద రాసిన మనిషి గుర్తింపు కార్డు చూసి, సంతకం పెట్టించుకుని ఇస్తారు. గాలిలో ఉన్న నాలుగు గంటలూ పాప తన సీట్లో తానే కూర్చోవాలి. సిబ్బంది మధ్యమధ్య వచ్చి పలకరిస్తారు గానీ, వాళ్లకు మిగతా ప్రయాణికుల పని కూడా ఉంటుంది. మందులు వేయడం వాళ్ల పని కాదు. మీ పాపకు వేళకు వేయాల్సిన మందు ఉంటే, తానే వేసుకోగలదా లేదా అన్నది ఈ ప్రయాణానికి మొదటి పరీక్ష.

కాబట్టి ఈ ప్రయాణంలో ప్రమాదమంటూ ఉంటే అది చేతులు మారే చోటే ఉంటుంది. నాన్‌స్టాప్‌లో పాప ఒకసారి ఎక్కుతుంది, ఒకసారి దిగుతుంది. ఎక్కే చోట మీరుంటారు, దిగే చోట మీ తమ్ముడుంటాడు. షార్లెట్‌లో మారితే మధ్యలో ఇంకో అప్పగింత చేరుతుంది. మొదటి విమానం సిబ్బంది అక్కడి ఉద్యోగికి ఇస్తారు, ఆ ఉద్యోగి రెండో విమానం గేటు దాకా తీసుకెళ్లి అక్కడి సిబ్బందికి ఇస్తారు. మామూలు రోజుల్లో ఇది సాఫీగానే జరుగుతుంది. కానీ జులైలో మధ్యాహ్నం దాటితే తూర్పు తీరంలోనూ, డాలస్ వైపూ ఉరుములతో వానలు వచ్చి విమానాలు గంటల తరబడి ఆగిపోవడం మామూలు. రెండో విమానం రద్దయితే పాప షార్లెట్‌లో చిక్కుకుంటుంది. అక్కడ మీ వాళ్లెవరూ లేరు. ఎడిసన్ నుంచి కారులో వెళ్లాలన్నా పది గంటల దారి. ఎయిర్‌లైన్ ఉద్యోగులు పాపను ఒంటరిగా వదిలేయరు, రాత్రికి ఏర్పాటు చేస్తారు. కానీ ఆ రాత్రి మీరు ఫోను పట్టుకుని కూర్చోవడం, పాప ఏడవడం, ఇవి 80 డాలర్లకు కొనుక్కోవాల్సినవి కావు.

ఇందులో ఎయిర్‌లైన్ల నియమాలు కూడా ఒకేలా ఉండవు. అమెరికా ప్రభుత్వం దీనికి ఒక ఉమ్మడి నిబంధన పెట్టలేదు, ప్రతి ఎయిర్‌లైన్‌దీ దానికదే. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 5 నుంచి 7 ఏళ్ల పిల్లలను నాన్‌స్టాప్‌లోనే ఒంటరిగా రానిస్తుంది, 8 నుంచి 14 వాళ్లను మాత్రం కొన్ని పెద్ద ఎయిర్‌పోర్టుల్లో మారనిస్తుంది. షార్లెట్ ఆ జాబితాలో ఉంది కాబట్టి మీ పాపకు ఆ దారి తెరిచే ఉంది. యునైటెడ్ అయితే ఏ వయసు పిల్లలనైనా ఒంటరిగా మారే విమానంలో తీసుకోదు. నాన్‌స్టాప్ ఒక్కటే. అదే సరైన నియమమని నా అభిప్రాయం. న్యూవార్క్ నుంచి డాలస్ ఫోర్ట్ వర్త్‌కు ఈ రెండు ఎయిర్‌లైన్లకూ నాన్‌స్టాప్ విమానాలున్నాయి కాబట్టి మీకు ఎంచుకునే వీలుంది. ఫ్రాంటియర్ వంటి కొన్ని చౌక ఎయిర్‌లైన్లు 15 ఏళ్లలోపు పిల్లలను ఒంటరిగా అసలు ఎక్కించుకోవు. అటువైపు చూడనక్కర్లేదు.

ఒక చిన్న జాగ్రత్త. ఒకే నంబరుతో వెళ్తూ మధ్యలో ఒక ఊళ్లో దిగి, మళ్లీ ఎగిరే విమానాలు కూడా కొన్ని ఉంటాయి. వాటిని కూడా కొన్నిచోట్ల డైరెక్ట్ అనే చూపిస్తారు. మధ్యలో దిగుతుందా లేదా అని విడిగా అడిగి తెలుసుకోండి.

ఇక పొద్దున విమానమే ఎందుకంటే, ఆ వేళకు వానలు మొదలవవు. తొలి విమానాలు చాలావరకు రాత్రే వచ్చి అక్కడ ఆగి ఉంటాయి కాబట్టి, ఇంకెక్కడి నుంచో ఆలస్యంగా రావాల్సిన పని ఉండదు. ఒకవేళ రద్దయినా అదే రోజు ఇంకో విమానం దొరికే అవకాశం ఉంటుంది, పాప ఇంటికి తిరిగొచ్చి నిద్రపోవచ్చు. ఉదయం ఎనిమిదికి న్యూవార్క్‌లో బయల్దేరితే, డాలస్ గడియారం మనకన్నా ఒక గంట వెనక ఉంటుంది కాబట్టి, అక్కడ పదకొండు గంటల ప్రాంతంలో దిగుతుంది. మీ తమ్ముడికి కూడా అనుకూలమే.

ఫీజు సంగతి. అమెరికన్, యునైటెడ్ రెండింటిలోనూ ఒకవైపుకు 150 డాలర్లు, అమెరికన్‌లో దాని మీద పన్ను అదనం. ఇది టికెట్ ధరకు పైన. పిల్లలని టికెట్ ధర తగ్గించరు. అమెరికన్‌లో ఒకే విమానంలో వెళ్లే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ కలిపి ఒకే ఫీజు, యునైటెడ్‌లో ఇద్దరు పిల్లల దాకా ఒకే ఫీజు. మీకు ఒక్క పాపే కాబట్టి ఆ లాభం లేదు. తెలిసినవాళ్ల పిల్లలు అదే వారం వెళ్తున్నా సరే, వేరే కుటుంబమైతే ఫీజు కలిసొస్తుందని లెక్క వేసుకోకండి.

మీరు చెప్పిన ధరలతోనే లెక్క చూద్దాం. నాన్‌స్టాప్ టికెట్ 290, రెండువైపులా ఫీజు 300, మొత్తం 590 డాలర్లు, పైన పన్ను. షార్లెట్ మీదుగా అయితే 510. చూశారా, ఫీజు కలిపాక ఆ తేడా మొత్తంలో ఏడో వంతు కూడా లేదు. అదే మీలో ఒకరు వెంట వెళ్లి దింపి, వెనక్కొచ్చి, మళ్లీ మూడు వారాలకు వెళ్లి తెచ్చుకుంటే, పెద్దవాళ్లకు రెండుసార్లు రానూపోనూ టికెట్లు 580, పాపకు 290, మొత్తం 870. ఇంకో దారి కూడా ఉంది. మీ తమ్ముడి కుటుంబం ఆ వేసవిలో ఎప్పుడైనా ఇటు వచ్చే పని ఉంటే, ఒకవైపు పాపను వాళ్లతో పంపించి, రెండోవైపుకు మాత్రమే ఈ సేవ తీసుకోండి. ఫీజు సగమవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, పాప మొదటి ప్రయాణం మామయ్యతో చేసి, విమానం ఎలా ఉంటుందో చూసి, తిరుగు ప్రయాణం ఒంటరిగా చేస్తుంది. వీలైతే నేను దీన్నే మెచ్చుకుంటాను.

వెబ్‌సైట్ మిమ్మల్ని ఆపడంలో వింతేమీ లేదు. ఈ టికెట్ సాధారణంగా ఫోనులోనే తీసుకోవాలి. ఫోను చేసేముందు మీకు నచ్చిన విమానం నంబరు, తేదీ, ధర కాగితం మీద రాసి పెట్టుకోండి, మీ తమ్ముడి పూర్తి పేరు, చిరునామా, ఫోను నంబరు పక్కనే ఉంచుకోండి. మాట మొదలుపెట్టగానే ఎనిమిదేళ్ల పాప ఒంటరిగా ప్రయాణిస్తుందని చెప్పేయండి. ఆ విమానాన్ని ఆ ఎయిర్‌లైనే నడుపుతుందా, ఇంకో కంపెనీదా అని కూడా అడగండి. ఇంకో కంపెనీ నడిపే విమానంలో ఈ సేవ సాధారణంగా కుదరదు. బయటి టికెట్ వెబ్‌సైట్లలో కొనకండి. అక్కడ టికెట్ వచ్చినా ఈ సేవ దానికి జతపడదు.

కొందరు పాప వయసు 15 అని నమోదు చేసి టికెట్ తీసుకుంటారు. ఇంకొందరు తమ పేరుతో కలిపి రెండు టికెట్లు కొని, తర్వాత తమది రద్దు చేసుకుంటారు. రెండూ కౌంటర్ దగ్గర బయటపడతాయి. పాపను చూసిన ఉద్యోగి వయసుకు రుజువు అడుగుతారు, విమానం ఎక్కించరు. పాప ముందు, పెట్టెలతో సహా ఇంటికి తిరిగిరావాలి. ఆ పని చేయకండి.

టికెట్ చేతికొచ్చాక అసలు పని ఒకటుంది. ఈమెయిల్‌లో వచ్చిన వివరాల్లో పాప పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయా, ఒంటరి పిల్లల సేవ నమోదైందా చూసుకోండి. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర తీసుకున్న టికెట్‌ను, కొన్న 24 గంటల్లోపు ఏ నష్టం లేకుండా వదులుకునే వీలు అమెరికా రవాణా శాఖ నిబంధనల వల్ల ఉంది. కొన్నిచోట్ల దాని బదులు డబ్బు కట్టకుండా టికెట్‌ను 24 గంటలు పట్టి ఉంచుతారు. తప్పు ఉంటే ఆ లోపే తేల్చుకోండి. ఇంకొక సంగతి, కొనడానికీ ప్రయాణానికీ మధ్య ఎయిర్‌లైన్లు విమాన వేళలు మారుస్తుంటాయి. ఒక్కోసారి నాన్‌స్టాప్ తీసేసి మారే విమానంలోకి వేస్తారు. పెద్దవాళ్లయితే సర్దుకుంటారు. మీకలాంటి ఈమెయిల్ వస్తే వెంటనే ఫోను చేసి నాన్‌స్టాప్‌లోకి మార్పించుకోండి, ఆ సేవ కొత్త విమానానికి కూడా నమోదైందా అని అడగండి. ప్రయాణానికి ముందు రోజు ఇదే ప్రశ్న మరోసారి అడగడం మంచిది.

కాగితాల విషయానికొస్తే, ఫారం ఒకటే గానీ అందులో పేర్లే ప్రాణం. పాప వివరాలు, దింపే పెద్దవాళ్ల వివరాలు, అక్కడ తీసుకునేవాళ్ల పేరు, చిరునామా, ఫోను నంబరు రాయాలి. మీరు మీ గుర్తింపు కార్డు చూపించాలి. పాప వయసుకు రుజువుగా పాస్‌పోర్టో, పుట్టిన ధ్రువపత్రమో దగ్గర పెట్టుకోండి. 18 ఏళ్లలోపు పిల్లలకు దేశం లోపలి ప్రయాణంలో భద్రతా తనిఖీ దగ్గర గుర్తింపు కార్డు అడగరు, కానీ ఎయిర్‌లైన్ వయసు రుజువు అడగవచ్చు.

మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా తడబడేది ఈ పేర్ల దగ్గరే. ఇంటిపేరు ముందు రాయడమా వెనక రాయడమా, పొడి అక్షరమా పూర్తి పేరా అన్నది ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా ఉంటుంది. ఇండియా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో, దాన్ని బట్టి వచ్చిన లైసెన్సులో, పేరు స్థానంలో FNU అని పడి ఉంటుంది. డాలస్‌లో ఉద్యోగి చేసే పని చాలా సాదాది. ఫారం మీది పేరును, ఎదురుగా ఉన్న కార్డు మీది పేరుతో పోల్చి చూస్తారు. అందుకని మీ తమ్ముడిని తాను ఆ రోజు ఏ కార్డు చూపిస్తాడో ముందే నిర్ణయించుకుని, దాని ఫొటో మీకు పంపమనండి. అందులో అక్షరం అక్షరం ఎలా ఉంటే అలాగే ఫారంలో రాయండి, అందరూ పిలిచే పేరు రాయకండి. పైగా 2025 మే నుంచి భద్రతా తనిఖీ దాటాలంటే పెద్దవాళ్లకు రియల్ ఐడీ గుర్తున్న లైసెన్సో, పాస్‌పోర్టో, అలాంటి మరో ఆమోదిత కార్డో కావాలి. తమ్ముడి లైసెన్సులో పైన ఆ నక్షత్రం గుర్తు లేకపోతే పాస్‌పోర్టు తీసుకెళ్లమనండి, ఫారంలోనూ పాస్‌పోర్టులోని పేరే రాయండి.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఆయన వెళ్లడానికి అడ్డేమీ లేదు. ఆయన ఇండియా పాస్‌పోర్టు తనిఖీ దగ్గర చెల్లుతుంది. కానీ ఫారంలో తీసుకునే మనిషిగా మీ తమ్ముడి పేరే రాయించమని నా సలహా. డాలస్ ఫోర్ట్ వర్త్ ఎయిర్‌పోర్టులో ఐదు టెర్మినళ్లున్నాయి. అమెరికన్ విమానమైతే చివరి నిమిషంలో గేటే కాదు, టెర్మినల్ కూడా మారవచ్చు. మారితే ఫోనులో కబురు చూసుకోవాలి, కౌంటర్ దగ్గర ఇంగ్లిషులో అడగాలి, మరో టెర్మినల్‌కు త్వరగా చేరాలి. ఆలస్యమైనా, దారి మళ్లినా ఎయిర్‌లైన్ ఫోను చేసేది ఆ పేరు మీద ఉన్న నంబరుకే. ఆ ఫోను ఎత్తి మాట్లాడగలిగి, కారు నడపగలిగిన మనిషే ఆ పేరు కావాలి. తాతయ్య మాత్రం తప్పకుండా వెంట వెళ్లాలి. మనవరాలు మొదట చూడాలనుకునే ముఖం ఆయనదే కదా. టికెట్ తీసుకునేటప్పుడే రెండో మనిషి పేరు కూడా రాయవచ్చా అని అడగండి. రాయనిస్తే ఆయన పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇవ్వండి.

గేటు దాకా వెళ్లడానికి మీకూ, అక్కడ మీ తమ్ముడికీ ఒక పాస్ కావాలి. దాన్ని ఎయిర్‌లైన్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గర గుర్తింపు కార్డు చూసి ఇస్తారు. ఫోనులో చెక్-ఇన్ చేసుకుని నేరుగా తనిఖీకి వెళ్లే అలవాటు ఆ రోజు పనికిరాదు. సాధారణంగా ఒక్కరికే ఇస్తారు, రెండోది ఇవ్వడం ఆ ఉద్యోగి ఇష్టం. తాతయ్యకు దొరకకపోతే ఆయన తనిఖీకి బయట ఉంటారు, ఇది ఆయనకు ముందే చెప్పండి, అక్కడికెళ్లాక నొచ్చుకోకుండా. విమానం దిగే వేళకు కనీసం గంట ముందు తమ్ముడు కౌంటర్ దగ్గరుండాలి. ఆ పాస్ తీసుకుని తనిఖీ వరుస కూడా దాటాలి. మీరు న్యూవార్క్‌కు రెండు గంటల ముందు చేరండి.

విమానం తలుపు మూశారు కదా అని మీరు బయల్దేరకండి. అది రన్‌వే వైపు వెళ్లి, వరుసలో నిలబడి, ఏదో కారణంతో గేటుకు తిరిగొచ్చే సందర్భాలుంటాయి. గాలిలోకి లేచేదాకా మీరు గేటు దగ్గరే ఉండాలన్నది ఎయిర్‌లైన్ నియమం కూడా. లేచాక తమ్ముడికి ఫోను చేయండి, పాప చేతికి అందాక ఆయన మీకు చేయాలి. ఆ మధ్యలో ఇద్దరి ఫోన్లూ ఖాళీగా ఉండాలి.

పాపకు చెప్పాల్సినవి రెండే రెండు. మొదటిది, దిగాక అందరితో పాటు లేచి నడవకూడదు. సిబ్బంది వచ్చి పిలిచేదాకా సీట్లోనే ఉండాలి, మెడలో ఎయిర్‌లైన్ బ్యాడ్జి ఉన్నవాళ్లతో తప్ప ఎవరితోనూ వెళ్లకూడదు. రెండోది, మామయ్య కాగితం పేరు. "నిన్ను తీసుకెళ్లడానికి ఎవరొస్తున్నారు?" అని ఉద్యోగి అడిగితే, మన పిల్లలు "మామయ్య" అంటారు. అసలు పేరు చాలామందికి తెలియదు. లైసెన్సులో ఉన్న పేరు పలకడం నేర్పండి, తాతయ్యది కూడా. మీ ఇద్దరి పేర్లూ నంబర్లూ, తమ్ముడిదీ, ఒక అట్ట మీద రాసి బ్యాగులో పై అరలో పెట్టండి. దేశీయ విమానాల్లో దొరికేది చిరుతిండే కాబట్టి, చేతికంటకుండా తినగలిగే చపాతీ చుట్ట గానీ ఇడ్లీలు గానీ వెంట పెట్టండి. నీళ్ల సీసా ఖాళీగా తీసుకెళ్లి తనిఖీ దాటాక నింపండి. మరుగుదొడ్డికి వెళ్లాలంటే సీటు పైనున్న మీట నొక్కి సిబ్బందిని పిలవవచ్చని చెప్పండి. పిల్లలు మొహమాటంతో బిగబట్టుకుని కూర్చుంటారు.

తిరుగు ప్రయాణాన్ని కూడా ఈ ఫోనులోనే ఖాయం చేసుకోండి, అదీ పొద్దున నాన్‌స్టాపే. అప్పుడు పాత్రలు మారతాయి. దింపే మనిషిగా తమ్ముడి పేరు, తీసుకునే మనిషిగా మీ పేరు. ఫారం మళ్లీ వేరుగా నింపాలి, కౌంటర్, పాస్, విమానం లేచేదాకా గేటు దగ్గర ఉండడం, అన్నీ తమ్ముడి వంతు. ఆ రోజు అతనికి ఆఫీసు పని పడితే ఎవరు దింపుతారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. తేదీ వేసేముందు మీ అమ్మానాన్నలు అమెరికాలో ఉండడానికి ఇచ్చిన గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూడండి. పాప తిరిగొచ్చే రోజుకూ వాళ్లు ఇండియాకు విమానం ఎక్కే రోజుకూ మధ్య కనీసం వారం ఉంచండి. వాన వల్ల పాప ప్రయాణం ఒకరోజు జరిగినా వాళ్ల ప్రయాణపు హడావుడితో కలవకుండా ఉంటుంది.